లాంచ్ వెబినార్ ఇన్విటేషన్‌లో ఐఎస్‌టీ ఒక్కటే ఇస్తే సరిపోతుందా?

గచ్చిబౌలి_ప్రీసేల్స్: మా వేర్‌హౌస్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ లాంచ్ వెబినార్ 2026 మార్చి 19, గురువారం సాయంత్రం 7:30కి పెడుతున్నాం, 45 నిమిషాలు. క్లయింట్లు న్యూజెర్సీ, లండన్, దుబాయ్, సింగపూర్‌లో ఉన్నారు. మెయిల్లో ఐఎస్‌టీ ఒక్కటే రాయి, ఎవరి టైమ్ వాళ్లు చూసుకుంటారు అంటున్నారు మా మేనేజర్. నాకు ధైర్యం చాలడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

అమీర్‌పేట_కోడర్: మీ మేనేజర్ చెప్పిందే కరెక్ట్ బ్రో. ఇన్విటేషన్‌తో పాటు క్యాలెండర్ ఫైల్ పంపు, వాళ్లు నొక్కగానే వాళ్ల టైమ్‌కి అదే మారిపోతుంది. నాలుగు దేశాల టైమ్‌లు మెయిల్లో కుక్కితే ఎవరికీ ఏదీ కనబడదు.

నల్లకుంట_అత్తయ్య: టైమ్ సంగతి తర్వాత నాన్నా, మార్చి 19 ఉగాది. పచ్చడి తిని కూర్చునే రోజు సాయంత్రం మీ డెమో టీమ్ ఆఫీసులో ఉంటుందా? ముందు అది అడుగు.

దేరా_అకౌంట్స్: దుబాయ్ నుంచి రాస్తున్నా. ఆ రోజుకి ఇక్కడ ఇంకా రంజాన్ నెల, పండుగ 20కి అటూ ఇటూగా ఉంటుంది, నెలవంకను బట్టి. మీ 7:30 అంటే మాకు 6 గంటలు. మార్చిలో ఇక్కడ సూర్యుడు దాదాపు ఆరున్నరకి కుంకుతాడు, అంటే సరిగ్గా మీ డెమో మధ్యలో ఇఫ్తార్. రిజిస్టర్ చేసుకున్నవాళ్లు కూడా లేచి వెళ్లిపోతారు, తప్పు వాళ్లది కాదు.

పదేళ్ల_మార్కెటింగ్: తేదీ ముందు మార్చండి, 24 మంగళవారానికి వేద్దాం, మిగతాది ఆ తేదీ మీదే చెప్తాను. 7:30 ఐఎస్‌టీ అంటే ఆ రోజు న్యూజెర్సీలో ఉదయం 10, లండన్‌లో మధ్యాహ్నం 2, దుబాయ్‌లో సాయంత్రం 6, సింగపూర్‌లో రాత్రి 10. ఇక్కడొక మెలిక ఉంది. అమెరికాలో గడియారాలు మార్చి 8న గంట ముందుకి జరుగుతాయి, బ్రిటన్‌లో మార్చి 29న. మధ్యలో ఉన్న ఆ మూడు వారాలు లండన్‌కీ న్యూయార్క్‌కీ తేడా ఐదు గంటలు కాదు, నాలుగే. మీరు ఇదే వెబినార్‌ని 31కి జరిపితే లండన్ వాళ్లకి 2 కాస్తా 3 అవుతుంది, న్యూజెర్సీకి ఏమీ మారదు. అందుకే పాత మెయిల్ కాపీ చేసి తేదీ ఒక్కటే మారిస్తే కొంప మునుగుతుంది.

మా దగ్గర ఒకసారి అదే జరిగింది. జనవరి ఇన్విటేషన్‌లో 7:30 ఐఎస్‌టీ పక్కన న్యూయార్క్ 9 అని ఉంది, అప్పటికి అది కరెక్టే. మార్చి మూడో వారంలో ఇంకో వెబినార్‌కి అదే మెయిల్ వాడాం. ఆ రోజు మాకు సాయంత్రం 6:30 అవుతుంటే వెయిటింగ్ రూమ్‌లోకి పేర్లు ఒక్కొక్కటిగా రావడం మొదలైంది, మేమేమో ఇంకా మైకులు టెస్ట్ చేసుకుంటున్నాం. మొదట ఆసక్తి ఎక్కువై ముందే వచ్చారనుకున్నాం. పదిహేను నిమిషాల తర్వాత ఒక్కొక్కరే వెళ్లిపోయారు, అసలు టైమ్‌కి తిరిగి వచ్చినవాళ్లు ముగ్గురు. తర్వాత ఫోన్ చేస్తే ఒకాయన, క్యాన్సిల్ అయిందనుకున్నాను, అన్నారు.

ఇంకోటి, మార్చిలో ఈఎస్‌టీ అని రాయకండి. అది గడియారం జరపకముందు టైమ్, 8వ తేదీ తర్వాత అక్కడ నడిచేది గంట ముందుకి జరిపిన ఈడీటీ. 10 ఈఎస్‌టీ అని రాసింది అక్షరాలా తీసుకుంటే మనకి 8:30 అవుతుంది. న్యూయార్క్ టైమ్ అని ఊరి పేరుతో రాస్తే ఆ గొడవే ఉండదు.

అమీర్‌పేట_కోడర్: సరే, కానీ క్యాలెండర్ ఫైల్ ఉంటే ఇవన్నీ ఎందుకు?

పదేళ్ల_మార్కెటింగ్: ఫైల్ సరిగ్గా ఉంటేనే. చాలామంది ఇలా చేస్తారు:

```
DTSTART:20260324T193000
```

ఇందులో ఏ దేశం టైమో లేదు కాబట్టి, న్యూజెర్సీలో తెరిస్తే న్యూజెర్సీ సాయంత్రం 7:30 అని కూర్చుంటుంది, లండన్‌లో లండన్ 7:30. ఉండాల్సింది ఇది:

```
DTSTART:20260324T140000Z
```

చివరి Z అంటే యూటీసీ, ప్రపంచమంతా లెక్కకి వాడే టైమ్, మనకంటే ఐదున్నర గంటలు వెనక, అందుకే 7:30 అక్కడ 14:00 అయింది. పంపే ముందు మీ ల్యాప్‌టాప్ టైమ్ జోన్‌ని న్యూయార్క్‌కి మార్చి ఫైల్ తెరిచి చూడండి, 10 కనబడకపోతే పంపకండి. అయినా అందరూ ఫైల్ నొక్కరండీ, సగంమంది ఫోన్‌లో మెయిల్ చదివి టైమ్ బుర్రలో పెట్టుకుంటారు. అందుకే లిస్టుని ఊళ్ల వారీగా విడగొట్టి, ఎవరి మెయిల్లో వాళ్ల టైమ్ మొదట, కింద చిన్నగా ఐఎస్‌టీ పెట్టండి. నాలుగు మెయిల్స్ తయారు చేయడానికి అరగంట పడుతుంది, అంతే.

వరంగల్_సీడ్స్: మేం డీలర్లకి కొత్త విత్తనాల మీటింగ్ పెడితే మెయిల్స్ ఏమీ ఉండవు, వాట్సాప్ గ్రూప్‌లో లింక్ వేస్తాం, వచ్చేవాళ్లు వస్తారు. రిజిస్ట్రేషన్ అని ఫారం పెడితే మా వాళ్లు సగంలో ఆపేస్తారు.

పదేళ్ల_మార్కెటింగ్: మీ డీలర్లందరూ ఒకే టైమ్‌లో ఉన్నారు, ఒకరినొకరు ఎరుగుదురు, అక్కడ అది నడుస్తుంది. వీళ్ల క్లయింట్లు ఒకరికొకరు పోటీ కంపెనీలు కూడా కావచ్చు, అందరినీ ఒక గ్రూప్‌లోనో ఒకే సీసీ వరుసలోనో పెడితే వాళ్ల పేర్లు మనమే బయటపెట్టినట్టు. ఫారం గురించి మాత్రం మీ మాట నిజం. పేరు, ఆఫీస్ మెయిల్, మీరు ఇప్పుడు ఏ వెర్షన్ వాడుతున్నారు, ఈ మూడు చాలు. మూడోది ఎందుకంటే డెమోలో ఏది చూపించాలో దాన్నిబట్టి తేలుతుంది. రిజిస్టర్ అయ్యాక వచ్చే జాయినింగ్ లింక్ ఎవరిది వాళ్లకే అని ఒక వాక్యం రాయండి, లేకపోతే ఒకరు తీసుకుని ఆఫీసంతా ఫార్వర్డ్ చేస్తారు, ఎవరొచ్చారో మీకు తెలియదు.

గచ్చిబౌలి_ప్రీసేల్స్: తేదీ 24కి మార్చడానికి మేనేజర్ ఒప్పుకున్నారండీ, ఉగాది మాట వినగానే. ఊళ్ల వారీ మెయిల్స్‌కి కూడా సరే అన్నారు. అజెండా ఎంత వివరంగా ఉండాలి? మా సీఈఓ ప్రసంగం పావుగంట ఉంది.

పదేళ్ల_మార్కెటింగ్: 45 నిమిషాల్లో పావుగంట ప్రసంగమా! 5 నిమిషాలు చేయించండి. డెమో 20, పాత వెర్షన్ నుంచి మారడం ఎలా, డేటా ఏమవుతుంది అన్నదానికి 10, ప్రశ్నలకి 10. నిమిషాలు మెయిల్లోనే రాయండి. గోడౌన్ మేనేజర్ డెమోకి ఉంటాడు, ఐటీ హెడ్‌కి కావాల్సింది ఆ పది నిమిషాలు, ఎప్పుడు వస్తుందో తెలిస్తే ఆయన అప్పుడే చేరతాడు.

జురాంగ్_ఈస్ట్: సింగపూర్‌లో ఉంటా. రాత్రి 10కి ఆఫీస్ కాల్ అంటే పిల్లల్ని పడుకోబెట్టే టైమ్ అది, నేనైతే రిజిస్టర్ చేసి రికార్డింగ్ కోసం చూస్తా. మాకు వేరే సెషన్ పెట్టండి, అదే రోజు మీ 11:30కి, మాకు మధ్యాహ్నం 2, దుబాయ్‌కి ఉదయం 10.

పదేళ్ల_మార్కెటింగ్: నేను రెండో సెషన్‌కి ఒప్పుకోను. పొద్దున ధరలు చెప్పేస్తే సాయంత్రానికి న్యూజెర్సీకి తెలిసిపోతాయి, ఇక లాంచ్ ఏముంది. 24 గంటల్లో రికార్డింగ్, ప్రశ్నలకి విడిగా ఒక కాల్ ఇస్తామని సింగపూర్ మెయిల్లో స్పష్టంగా రాస్తే చాలు.

జురాంగ్_ఈస్ట్: ధరలు సాయంత్రం సెషన్‌కే ఉంచి పొద్దున డెమో ఒక్కటే చూపించొచ్చు కదండీ. డబ్బు కట్టే క్లయింట్లం మేమూ, ఎప్పుడూ రికార్డింగే ఎందుకు?

గచ్చిబౌలి_ప్రీసేల్స్: సింగపూర్ నుంచి మాకు ఆరుగురే ఉన్నారు, కానీ అందులో ఒకరు మా పెద్ద క్లయింట్. రేపు పొద్దున వాళ్లకే ఫోన్ చేసి అడుగుతాను.