షిఫ్ట్ డయాగ్రమ్ బిట్లు: కారణం నుంచి వెళ్లాలా, టేబుల్ గుర్తుపెట్టుకోవాలా?

డిగ్రీ సెకండియర్: "బ్రెజిల్‌లో మంచు వల్ల కాఫీ తోటలు దెబ్బతిన్నాయి. టీ మార్కెట్‌కి సరైన డయాగ్రమ్ ఏది?" సప్లయ్ ఎడమకి జరిగిన బొమ్మ పెట్టాను, తప్పట. పంట పోతే తగ్గేది సప్లయే కదా?

బిట్ బ్యాంక్: ఇంత ఆలోచన ఎందుకు బ్రో. ధర, పరిమాణం రెండూ ఒకే దిక్కుకి పోతే డిమాండ్ కదిలింది, ఎదురెదురుగా పోతే సప్లయ్ కదిలింది. టేబుల్ గుర్తుంటే పది సెకన్ల పని.

చాక్‌పీస్: ఫలితం చెప్పి కారణం అడిగితే మీ టేబుల్ బాగానే పనిచేస్తుంది. ఇక్కడ ఇచ్చింది కారణం ఒక్కటే, అదీ పక్క మార్కెట్‌ది. మంచు పడింది కాఫీ చెట్ల మీద, కాబట్టి ఎడమకి జరిగేది కాఫీ సప్లయ్. దాంతో కాఫీ ధర పెరిగింది, కొంతమంది టీకి మారారు, టీ ధర ఇంకా కదలకముందే టీ అడిగేవాళ్లు పెరిగారు. అంటే టీ డిమాండ్ రేఖ కుడికి జరిగి ధర, అమ్మకం రెండూ పెరుగుతాయి. టీ సప్లయ్ రేఖ కదలదు. ధర పెరిగిందని ఎక్కువ టీ పంపడం అదే రేఖ మీద పైకి ఎక్కడమే. బొమ్మలో నిలువు గీత మీద ఉన్నది టీ ధర. ఆ ధరే కారణమైతే రేఖ జరగదు, బయటి కారణమైతేనే జరుగుతుంది.

టమాటా రైతు: మాది మదనపల్లె వైపు. 2023 జులైలో టమాటా కిలో వంద దాటాక జనం కొనడం తగ్గించారు. మరి డిమాండ్ కూడా ఎడమకి పోయినట్టే కదా సార్?

చాక్‌పీస్: లేదండీ. రేపు కిలో ఇరవైకి దొరికితే వాళ్లే మళ్లీ రెండు కిలోలు కొంటారా? కొంటారంటే రేఖ ఉన్నచోటే ఉంది, వాళ్లే దాని మీద పైకి జరిగారు.

డిగ్రీ సెకండియర్: ఇప్పుడర్థమైంది, నేను టీ బొమ్మలో కాఫీ పంట గీశాను. ఇంకోటి, సప్లయ్ ఎడమకి జరిగితే గీత పైకి పోయినట్టు కనబడి "పెరిగింది" అనుకుంటున్నాను.

చాక్‌పీస్: పైకీ కిందికీ చూడకండి. ఒక ధర దగ్గర అడ్డంగా గీత గీసి, పరిమాణం ఎటు పోయిందో చూడండి.

కాఫీ పిచ్చోడు: నాదో పేచీ. 2021 జులైలో బ్రెజిల్‌లో నిజంగానే మంచు కురిసింది, ఎక్కువ దెబ్బ 2022 పంటకి. ధర మాత్రం అప్పుడే ఎగిరింది, ముందుముందు ఇంకా పెరుగుతుందని సరుకు ఆపుకునేవాళ్లు ఆపుకుంటారు, కొనేవాళ్లు ఎగబడతారు. అంటే కాఫీ బొమ్మలో రెండు రేఖలూ కదిలాయి! ధర పెరగడం ఖాయం, పరిమాణం మాత్రం ఏ రేఖ ఎక్కువ జరిగిందో తెలిస్తే తప్ప చెప్పలేం. మీ గొలుసులో ఆ లింకు ఎక్కడ?

బిట్ బ్యాంక్: బిట్‌లో "అంచనా" అనే మాట లేదు బ్రో. ఇవ్వని కారణం కలిపితే మార్కు పోతుంది.

కాఫీ పిచ్చోడు: మరి కాఫీ బొమ్మే అడిగి, ఆప్షన్లలో "పరిమాణం చెప్పలేం" అని ఉంటే?

చాక్‌పీస్: ఉంటే నేనూ ఒక్క క్షణం ఆగుతాను. అయినా సప్లయ్ ఒక్కటే ఎడమకి జరిగిన బొమ్మే పెడతాను.

కాఫీ పిచ్చోడు: నేను పెట్టను.