పది క్రిప్టో కాయిన్లు అమ్మాక మిగిలిన ఇరవైకి సగటు కొన్న ధర ఎంత?

తణుకు_రవి: సొలానా మూడుసార్లు కొన్నాను. 10 కాయిన్లు 4,000 చొప్పున, 10 ఏమో 8,000కి, ఇంకో 10 12,000కి. నిన్న 9,000 దగ్గర పది అమ్మేశాను, రేటు ఇంకా అక్కడే ఉంది. వచ్చిన లాభం ఎంత, మిగిలినవాటి మీద ఎంత? వేరే కాయిన్లు కూడా ఇలాగే ముక్కలుముక్కలుగా ఉన్నాయి.

బెజవాడ_బుల్: దీనికింత టెన్షన్ ఎందుకు బ్రో. పెట్టింది 2,40,000, వెనక్కొచ్చింది 90,000, ఇంకా లోపలున్నది 1,50,000. ఇరవైతో భాగిస్తే 7,500, అదే నీ సగటు.

పద్దు_పుస్తకం: కాదండీ. సగటు కొన్నప్పుడే మారుతుంది, అమ్మినప్పుడు మారదు. రవి గారి సగటు 8,000. అమ్మిన పది మీద చేతికొచ్చిన లాభం 10,000, మిగిలిన ఇరవై మీద కాగితం లాభం 20,000. 7,500 వేసుకుంటే ఆ ఇరవై మీదే 30,000 కనిపిస్తుంది, పక్క కాలమ్‌లో వచ్చిన 10,000 ఎలాగూ ఉంటుంది, రెండూ కూడితే లేని పదివేలు పుట్టుకొస్తాయి.

బెజవాడ_బుల్: నేను కూడను కదా!

శాంతి_కె: నా యాప్‌లో ఇంకా ఘోరం. సొంత వాలెట్ నుంచి కాయిన్లు పంపితే కొన్న ధర సున్నా అని పడింది, మొత్తం లాభమేనట. కస్టమర్ కేర్ వాళ్లకి రాసినా ఉలుకూ పలుకూ లేదు.

పద్దు_పుస్తకం: పాత కొనుగోలు ధర మీరే చేత్తో ఎక్కించుకోవాలమ్మా, పంపిన చోటి లెక్క దానికి తెలియదు.

నల్లకోటు: ముందు కొన్నది ముందు అమ్మినట్టు రాస్తే కథ వేరు. అమ్మినవి 4,000వి కాబట్టి వచ్చిన లాభం 50,000, మిగిలినవాటి సగటు 10,000, వాటి మీద 20,000 నష్టం. మొత్తం అదే 30,000, కానీ 30 శాతం పన్ను మాత్రం 3,000 బదులు 15,000, సెస్సు కాక.

బెజవాడ_బుల్: ఇదిగో, అందుకే మీ పుస్తకాల మీద నమ్మకం లేదు! ఒక కాయిన్‌లో మునిగి, ఇంకోదానిలో వచ్చిన లాభానికి పన్ను కట్టినవాణ్ణి నేను. నష్టం తీసెయ్యడానికి లేదన్నారు. నాకు కావాల్సింది ఒక్కటే, రేటు ఎంతకి పడితే నా సొంత డబ్బు పోతుంది?

పద్దు_పుస్తకం: ఆ మాట మొదటే అనాల్సింది. దానికి 7,500 సరైన అంకే, పన్ను పక్కన పెడితే. కానీ దాన్ని సగటు అనొద్దు, వేరే కాలమ్‌లో రాసుకోండి. ఏ కాయిన్‌ది ఆ కాయిన్‌కే. ఆదాయపన్ను చట్టం ప్రకారం ఒకదాని నష్టం ఇంకోదానికి సర్దరు కాబట్టి అన్నీ కలిపిన మొత్తం చూసి పన్ను అంచనా వెయ్యకండి.

బెజవాడ_బుల్: పేరేదైతేనేం, నేను చూసేది అదే.

తణుకు_రవి: పన్నుకి సగటు పద్ధతా, ముందు కొన్నదా?

నల్లకోటు: మీ ఆడిటర్‌ని అడగండి. నేనైతే ముందు కొన్నదే. ఏది పట్టుకున్నా ఏటా మార్చకండి.

పద్దు_పుస్తకం: సగటైనా తప్పని నేననుకోను. ఆ గొడవ ఇక్కడ తేలదు.

తణుకు_రవి: సరే. నాకు ఖాతాలో పడింది 89,100 మాత్రమే.

పద్దు_పుస్తకం: ఆ 900 ఒక శాతం టీడీఎస్. అమ్మకం 90,000 అనే రాయండి, 900 మీ ఆదాయపన్ను ఖాతాలో పడిందో లేదో చూసుకోండి. అది నష్టం కాదు.

తణుకు_రవి: ఇంకోటుంది, సొలానా కొంత ఇచ్చి ఈథర్ తీసుకున్నాను. అక్కడ రూపాయి రేటు ఏ నిమిషానిది వెయ్యాలి?