బెల్లోనా, తిత్తా, గొట్టమా? ఒక రబ్బరు ముక్క పేరు కోసం

పద్మజ: అందరికీ నమస్కారం. ఫొటోలో ఉన్న నల్ల రబ్బరు ముక్కని తెలుగులో ఏమనాలి? మా సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్‌లోంచి మెకానిక్ తీసి నా చేతిలో పెట్టి, "బెల్లో పోయిందమ్మా, కొని ఉంచండి, ఆదివారం వచ్చి వేస్తాను" అని వెళ్ళిపోయాడు. దాని మీద నంబరు లేదు, కంపెనీ పేరు లేదు. మాది పెదవాల్తేరు, సముద్రపు గాలికి మెషీన్ వెనక స్టిక్కరు కూడా తెల్లబడిపోయింది. డాబా గార్డెన్స్‌లో ఒక షాపుకి వెళ్ళి "బెల్లో ఇవ్వండి" అంటే ఇచ్చారు. ఇంటికొచ్చి పక్కన పెట్టి చూస్తే రెండింటికీ చీర కుచ్చిళ్ళలా మడతలున్నాయి గానీ, అది ఇది కాదు. నేను అడిగిన మాటలోనే తప్పుందా?

మూర్తి మాస్టారు: మంచి ప్రశ్న అమ్మా. కమ్మరి కొలిమికి గాలి ఊదే తోలు సంచి ఉంది చూశారూ, కొలిమితిత్తి, దాన్నే ఇంగ్లీషులో బెల్లోస్ అంటారు. మనవాళ్ళు చివరి 'స్' తీసేసి బెల్లో చేశారు. ఊపిరితిత్తుల్లో ఉన్నదీ ఆ తిత్తే. ముడుచుకుంటూ సాగుతూ ఉండే సంచి అన్నమాట. కాబట్టి హాయిగా "రబ్బరు తిత్తి" అనండి. ఉతికిన నీళ్ళు వదలడానికి నాబ్ తిప్పితే పైకి లేచేది ఇదే. మీ మెషీన్‌లో నీళ్ళు నిలవడం లేదు, అవునా?

రేవతి: మా మిక్సీ జార్ అడుగున ఇలాంటిదే పోతే "కప్లర్" అన్నారు. షాపులో ఆ మాట చెప్తే వెంటనే దొరికింది. మీరూ కప్లర్ అని అడిగి చూడండి పద్మజగారూ.

సత్తిబాబు: రేవతమ్మా, కప్లర్‌ది వేరే పని. మోటారు తిరుగుడుని జారుకి అందించేది అది. ఈ రబ్బరు దేన్నీ తిప్పదు, నీళ్ళు ఆపుతుందంతే. గాజువాకలో ఇరవై ఏళ్ళుగా ఈ రిపేర్లే చేస్తున్నాను. మాస్టారు చెప్పిందీ ఒక బెల్లోనే, కాకపోతే ఈ మెషీన్లలో బెల్లోలు రెండుంటాయి. షాపులో రెండింటినీ బెల్లో అనే అంటారు. అక్కడే పడింది చిక్కు.

మేడమ్, మీరు పైనుంచి తీసిన ఫొటో ఒక్కటే పెట్టారు. ఆ వైపు నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తిరగేసి ఇంకొకటి పెట్టండి. వేలు దూర్చి చూడండి, అవతలికి వస్తుందా?

పద్మజ: పాతదాంట్లో చిటికెన వేలి కొస దూరుతోంది, అవతలి వెలుతురు కనిపిస్తోంది. లోపల అంచు పెదవిలా సన్నగా ఉంది. షాపువాళ్ళు ఇచ్చినదానికి అడుగు మూసేసి ఉంది, లోపల స్ప్రింగు కూడా ఉంది.

సత్తిబాబు: అయితే తేలిపోయింది. అడుగు మూసినది డ్రెయిన్ బెల్లో. అది నీళ్ళు పోయే కన్నం మీద బిరడాలా కూర్చుంటుంది. నాబ్ తిప్పితే లేస్తుంది, వదిలితే స్ప్రింగు మళ్ళీ కిందికి నొక్కుతుంది. అది పోతే ఉతికే టబ్‌లో పోసిన నీళ్ళు డ్రెయిన్ పైపులోంచి కారిపోతూ ఉంటాయి.

మీ దగ్గరున్నది స్పిన్ బెల్లో, స్పిన్ సీల్ అని కూడా అంటారు. బట్టలు ఆరబెట్టే బుట్ట కింద షాఫ్టు ఉంటుంది కదా, అది దీని మధ్యలోంచి కిందికి దిగి మోటారుకి తగులుకుంటుంది. బుట్ట తిరిగేటప్పుడు ఊగుతుంది, బయటి టబ్ కదలదు. ఆ ఊపుకి సాగడానికే మడతలు. ఇది పోతే స్పిన్ వేసినప్పుడు నీళ్ళు షాఫ్టు వెంట జారి మోటారు మీద పడతాయి. మీ మెషీన్ కింద స్పిన్ వైపే తడి వచ్చేదా?

పద్మజ: అవునండీ, స్పిన్ వైపే! ఉతికే టబ్‌లో నీళ్ళు బాగానే నిలుస్తాయి.

మూర్తి మాస్టారు: నేను తొందరపడ్డాను. అయినా మాట దగ్గర నాకు లాభమే వచ్చింది. తిత్తికి అడుగు ఉండాలి. రెండు వైపులా తెరిచి ఉంటే అది గొట్టం. మూసినది తిత్తి, ఇరుసు దూరేది మడతగొట్టం. షాపుల్లో ఈ రెండు మాటలే వాడితే పద్మజ రెండుసార్లు తిరగాల్సిన పని లేదు.

సత్తిబాబు: మాస్టారూ, మడతగొట్టం అడిగితే డ్రెయిన్ పైపు చేతిలో పెడతారు. అదీ మడతలదే!

మేడమ్, స్పిన్ బెల్లోలోనూ సైజులున్నాయి. మీ ఫొటోలో పది రూపాయల బిళ్ళ పక్కన పెట్టారు, మంచి పని చేశారు. అది 27 మిల్లీమీటర్లు. ఆ లెక్కన మీ రబ్బరు పై అంచు వెడల్పు 68 వస్తోంది.

పద్మజ: టేపు పెట్టి కొలిస్తే 62 ఉంది!

సత్తిబాబు: టేపుదే నిజం. బిళ్ళ బల్ల మీద ఉంది, రబ్బరు అంచు దానికన్నా మూడు సెంటీమీటర్లు ఎత్తులో ఉంది. ఫోన్ అడుగు దూరంలోంచి తీసినట్టున్నారు. దగ్గరున్నది పెద్దగా పడుతుంది. బిళ్ళని అగ్గిపెట్టెల మీద పెట్టి అంచుతో సమానంగా ఎత్తి, కొంచెం దూరం జరిగి జూమ్ చేసి తీస్తే ఆ తేడా రాదు. షాపుకి వాట్సాప్‌లో పంపేవాళ్ళు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

మధ్య కన్నాన్ని మాత్రం పాత రబ్బరు మీద కొలవకండి. అది అరిగి పెద్దదైపోయి ఉంటుంది. కొత్తదాని పెదవి షాఫ్టుకన్నా కొద్దిగా చిన్నగా ఉండి దాన్ని పట్టుకోవాలి. కాబట్టి షాఫ్టునే కొలవండి. మెకానిక్ బుట్ట పైకి తీసే ఉంటాడు కదా, షాఫ్టు దానితోపాటే వస్తుంది. కాగితం ముక్కని షాఫ్టు చుట్టూ ఒక్క చుట్టు చుట్టి, కలిసిన చోట గీత పెట్టి, విప్పి కొలవండి.

పద్మజ: ముప్పైఒకటి దాటి కొంచెం, ముప్పైఒకటిన్నర లోపే.

సత్తిబాబు: 3.14తో భాగిస్తే పది. షాపులో ఇలా చెప్పండి: "సెమీ ఆటోమేటిక్ స్పిన్ బెల్లో, షాఫ్టు పది, బయటి అంచు అరవై రెండు." పాత ముక్క కూడా తీసుకెళ్ళండి. అంచు టబ్ గాడిలో కూర్చోవాలి, దాని మందం ఒకటిగా ఉందో లేదో పక్కపక్కన పెట్టి చూడాలి. ఇంకో మాట. షాఫ్టు మీద వేలు రాసి చూడండి, తుప్పు గరుకు తగులుతోందా? మన ఊళ్ళో మామూలే. ఆ గరుకు కొత్త పెదవిని కోసేస్తుంది, కొన్నాళ్ళకే మళ్ళీ కారుతుంది. సన్నటి ఎమరీ పేపరుతో నునుపు చేయమనండి. గుంటలు పడితే రబ్బరు మార్చి లాభం లేదు.

పద్మజ: కొంచెం గరుకుగానే ఉంది. గుంటలో కాదో నాకు తెలియడం లేదు, ఆదివారం మెకానిక్‌కి చూపిస్తాను. ఈసారి పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళాను. కొలతలు చెప్తే ఆయన మూడు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకదాని అంచు కంటికే మందంగా కనిపించింది, మిగతా రెండూ పాతదానితో పోల్చి ఒకటి తెచ్చుకున్నాను. డ్రెయిన్‌ది వెనక్కి తీసుకోనన్నారు, అది ఇంట్లోనే ఉంది.

రేవతి: అయితే కప్లర్ కాదన్నమాట 😄

అప్పారావు: ఆలస్యంగా చూశాను. మాది కమ్మరి ఇల్లు. మాస్టారూ, కొలిమితిత్తికి అడుగు ఉండాలన్నారు గానీ, గాలి బయటికి పోయే ముక్కు ఒకటి, లోపలికి రావడానికి రెప్ప ఉన్న కంత ఇంకొకటి ఉంటాయి. రెండు వైపులా తెరుచుకున్నా మా తాత దాన్ని తిత్తి అనే అన్నాడు.

మూర్తి మాస్టారు: అయితే పద్మజ చేతిలో ఉన్నదీ తిత్తే కావచ్చు. ఆ రెప్పని మీ ఇంట్లో ఏమనేవారు అప్పారావుగారూ?