మూత మూసిన ల్యాప్‌టాప్ దొంగల పాలైతే డిస్క్ ఎన్‌క్రిప్షన్ కాపాడుతుందా?

మాధవి: ఆఫీసు ల్యాప్‌టాప్‌లో విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్ అయిన బిట్‌లాకర్ ఆన్‌లోనే ఉంది. నేను షట్‌డౌన్ చేయను, మూత మూసి సంచిలో పెట్టేస్తాను. అలా స్లీప్‌లో ఉండగా ఎవరైనా ఎత్తుకుపోతే ఫైళ్లు వాళ్ల చేతికి చిక్కుతాయా?

రఘు: చిక్కవు. దొంగ డిస్క్‌ను ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలించినా అందులో అర్థంపర్థం లేని డేటా తప్ప ఏమీ కనబడదు. మూత తెరిస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది. రెండు దారులూ మూసుకుపోయాక ఇక భయమెందుకు?

హరిణి: రఘు గారు చెప్పిన మొదటి దారి నిజంగానే మూసుకుపోయింది. రెండోదాన్ని మూసింది మాత్రం ఎన్‌క్రిప్షన్ కాదు, విండోస్ లాక్ స్క్రీన్. ఆ తెర కనిపించే సమయానికే డిస్క్ తాళం తెరుచుకుని ఉంటుంది, దాని కీ ర్యామ్‌లో ఉంటుంది. స్లీప్‌లో ర్యామ్‌కు విద్యుత్తు అందుతూనే ఉంటుంది కాబట్టి కీ చెరిగిపోదు. అంటే దొంగ ఎత్తుకుపోయేది బీరువాను ఒక్కదాన్నే కాదు, దాని తాళంచెవిని కూడా.

ఆ కీని బయటికి తీయవచ్చని 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసి చూపించారు. కీబోర్డు దుమ్ము ఊదడానికి వాడే గాలి డబ్బాను తలకిందులు చేసి మెమరీ చిప్‌ల మీద చల్లి, వాటిని సుమారు మైనస్ 50 డిగ్రీలకు చల్లబరిచాక విద్యుత్తు ఆపినా అందులోని సమాచారం నిమిషాల తరబడి నిలిచింది. ఆ వ్యవధిలో చిప్‌లను మరో యంత్రంలోకి మార్చి కీని వెతికి పట్టుకున్నారు. బిట్‌లాకర్, మ్యాక్‌లోని ఫైల్‌వాల్ట్, లినక్స్‌లోని డీఎమ్-క్రిప్ట్, అన్నీ ఆ పరీక్షలో ఓడిపోయాయి.

సత్యం: మా దగ్గర కూడా అన్ని యంత్రాలకూ ఎన్‌క్రిప్షన్ ఉంది. అయినా ఒకరు ఈమెయిల్‌లో వచ్చిన అటాచ్‌మెంట్ తెరవగానే ఫైళ్లన్నీ బయటికి పోయాయి. ఇక ఈ ఎన్‌క్రిప్షన్ ఉండి ఏం లాభం?

హరిణి: సత్యం గారూ, మాధవి గారు అడిగింది దొంగతనం గురించి, మీకు జరిగింది వేరు. అయితే రెండింటికీ మూలం ఒకటే. డిస్క్ నుంచి ప్రతి సెక్టారూ చదివేటప్పుడే విప్పబడి పైకి వస్తుంది, రాసేటప్పుడు మళ్లీ ఎన్‌క్రిప్ట్ అవుతుంది. అడిగింది వర్డ్ ప్రోగ్రామా, వైరస్సా అన్నది ఆ పొరకు తెలియదు. మీ ఖాతాకు ఏ ఫైళ్లు చదివే అనుమతి ఉందో, మీ ఖాతా కింద నడిచే మాల్‌వేర్‌కూ అంతే అనుమతి ఉంటుంది.

2013 అక్టోబరులో మాదకద్రవ్యాలు అమ్మిన అక్రమ ఆన్‌లైన్ మార్కెట్ సిల్క్ రోడ్ నిర్వాహకుడు రాస్ ఉల్‌బ్రిక్ట్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక గ్రంథాలయంలో అరెస్టు చేసినప్పుడు, అధికారులు ఆయన ల్యాప్‌టాప్ మూత పడకుండా జాగ్రత్తపడ్డారు. ఇద్దరు వెనుక గొడవ పడుతున్నట్టు నటించగా, ఆయన తల తిప్పిన క్షణంలో మరొకరు దాన్ని తెరిచి ఉండగానే లాక్కున్నారు. ఎన్‌క్రిప్షన్‌ను ఛేదించాల్సిన అవసరమే వారికి రాలేదు.

రఘు: అవన్నీ పోలీసుల, పరిశోధకుల పనులు. మామూలు దొంగ డిస్క్‌ను చెరిపేసి అమ్ముకుంటాడు. పైగా ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి వస్తోంది, ఊడదీయడం అంత తేలిక కాదు. స్లీప్ మానేసి హైబర్నేట్ పెట్టుకుంటే సరిపోతుంది కదా?

హరిణి: మామూలు దొంగ విషయంలో మీతో ఏకీభవిస్తాను. ర్యామ్ అతికి ఉంటే పని కష్టమయ్యే మాటా నిజమే. హైబర్నేట్‌లో ర్యామ్‌లోని సమాచారం ఎన్‌క్రిప్ట్ అయిన డిస్క్‌లోకి వెళ్లి విద్యుత్తు ఆగిపోతుంది, కనుక అది స్లీప్ కంటే మేలు. కానీ సంస్థల యంత్రాలలో తరచుగా కనిపించే అమరికలో ఒక లొసుగు ఉంది. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది నడపండి:

```
manage-bde -protectors -get C:
```

జాబితాలో `TPM And PIN` కనిపిస్తే, పిన్ ఇచ్చేదాకా కీ ర్యామ్‌లోకి రాదు. రికవరీ పాస్‌వర్డ్‌తో పాటు వట్టి `TPM` మాత్రమే ఉంటే, పవర్ బటన్ నొక్కినవారెవరైనా సరే, కీని భద్రపరిచే హార్డ్‌వేర్ భాగమైన టీపీఎం తనంతట తానే దాన్ని ఇచ్చేస్తుంది. యంత్రం లాక్ స్క్రీన్ దాకా వస్తుంది, కీ మళ్లీ ర్యామ్‌లో ఉంటుంది. అంటే షట్‌డౌన్ చేసినా, హైబర్నేట్ చేసినా దొంగ దాన్ని ఆ స్థితికి తిరిగి తెచ్చుకోగలడు. టీపీఎం విడి చిప్‌గా ఉన్న కొన్ని యంత్రాలలో దానికీ ప్రాసెసర్‌కూ మధ్య తీగల మీద ప్రయాణించే కీని నేరుగా చదివి చూపించినవారూ ఉన్నారు.

మాధవి: నడిపి చూశాను. నాది వట్టి టీపీఎం. పిన్ పెట్టమని ఐటీ విభాగాన్ని అడిగితే ఒప్పుకోలేదు. రాత్రిపూట అప్‌డేట్లు వేసి రీస్టార్ట్ చేసినప్పుడు పిన్ కొట్టేవారు లేక యంత్రాలు ఆగిపోతాయట.

రఘు: వాళ్ల బాధా అబద్ధం కాదు. వందల యంత్రాలు నడిపేవారు పిన్ మరిచిపోయినవారికల్లా రికవరీ కీలు వెతికి ఇస్తూ కూర్చోలేరు.

హరిణి: ఆఫీసులోనే ఉండే యంత్రాలకు ఆ వాదన సరిపోతుంది. సంచిలో ఊరంతా తిరిగే ల్యాప్‌టాప్‌కు మాత్రం నేను ఒప్పుకోను. కనీసం బయటికి తీసుకెళ్లే వాటికైనా విడిగా పిన్ విధానం పెట్టమని అడిగి చూడండి.