బకెట్ల పసుపు గారకు బ్లీచింగా, నిమ్మ ఉప్పా?

మియాపూర్ కోడలు: మాకు బోరు నీళ్లే దిక్కు. తెల్ల బకెట్లు, మగ్గులు లోపల పసుపు, నారింజ రంగుకు తిరిగాయి. అత్తయ్య బ్లీచింగ్ అంటారు, నేను నిమ్మ ఉప్పు అంటాను. ఏది కరెక్ట్?

వరంగల్ పిన్ని: బ్లీచింగే అమ్మా. రాత్రి చెంచాడు పౌడర్ వేసి నీళ్లు నింపితే పొద్దున్నకి మా మగ్గులు తళతళలాడతాయి. నిమ్మ ఉప్పుతో రుద్దే ఓపిక ఎవరికుంది?

పాత కెమిస్ట్రీ మాస్టారు: ముందు గోటితో గీకి చూడండి. జిగురుగా వేలికి వచ్చేస్తే అది పాచి. దానికి పిన్నిగారి బ్లీచింగ్ సరిగ్గా పనిచేస్తుంది, వాళ్లింట్లో అదే అయ్యుంటుంది. గరగరలాడుతూ ఊడకపోతే గార, అంటే నీళ్లలోని సున్నం సబ్బుతో కలిసి గట్టిపడిన పొర. బ్లీచింగ్ దాన్ని కరిగించదు, ఆ పౌడర్‌లోనూ సున్నమే ఉంటుంది. బోరులో ఇనుము ఉంటే ఆ నారింజ రంగు తుప్పు. బ్లీచింగ్ తగిలితే ఇంకా ముదురుతుంది.

గారకు లీటరు వేడినీళ్లలో మూడు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కలపండి. మగ్గులు అందులో ముంచండి. బకెట్ గోడలకు పాత గుడ్డ తడిపి అతికించి గంట ఉంచండి. పొర మెత్తబడి జిడ్డుగా అవుతుంది. చాలామంది ఇక్కడే పోలేదనుకుని వదిలేస్తారు. ఆ జిడ్డును బట్టల పౌడర్, ప్లాస్టిక్ పీచుతో తోమితేనే పోతుంది. స్టీల్ పీచు వద్దు, ఆ గీతల్లోనే మళ్లీ గార పడుతుంది.

ఉప్పల్ బ్యాచిలర్: ఇంత తతంగమా సార్! బాత్రూమ్ యాసిడ్ పోస్తే ఐదు నిమిషాల పని.

మాస్టారు: గార పోతుంది, కాదనను. కింద మార్బుల్ గానీ మొజాయిక్ గానీ ఉంటే అదీ పోతుంది. బకెట్‌లో బ్లీచింగ్ మిగిలి ఉండగా యాసిడ్ పోశారో, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. నిమ్మ ఉప్పుతోనూ అంతే. రెండూ కలపొద్దు. ఒకటి వాడాక శుభ్రంగా కడిగాకే రెండోది.

నెల్లూరు నుంచి: మా డాబా మీద తెల్ల డ్రమ్ము బయటంతా పసుపైంది. నిమ్మ ఉప్పు రాసినా మార్పు లేదు. మరి ఇదేం పద్ధతి?

మాస్టారు: అది మరక కాదండీ. ఎండకు ప్లాస్టికే రంగు మారింది. దానికి మందు లేదు.

మియాపూర్ కోడలు: బకెట్ అడుగు గరగరలాడింది, నిమ్మ ఉప్పుకి దాదాపు తెల్లబడింది. మగ్గు పిడి మూలల్లో మాత్రం నారింజ అలాగే ఉంది.

మాస్టారు: అది తుప్పే అయ్యుండాలి. గుడ్డ అక్కడ అతికించి ఇంకోసారి నానబెట్టండి.

వరంగల్ పిన్ని: ఆ మూలలకి నా బ్లీచింగ్ ఒక్కసారి వేసి చూడమ్మా, తర్వాత మాట్లాడదాం.

మాస్టారు: పిన్నిగారూ, వద్దంటే వినరే!