నెల రోజుల్లో 3 సెంటీమీటర్లు పెరిగిన పాప: మామ్‌లో వేయాలా, వద్దా?

కల్వకుర్తి_అంగన్‌వాడీ
అందరికీ నమస్కారం. మా సెంటర్లో ఒక పాప ఉంది, 18 నెలలు నిండాయి. పోయిన నెల పొడవు 75 సెంటీమీటర్లు, బరువు 8.1 కిలోలు. ఈ నెల ఊళ్లో క్యాంపు పెట్టి వేరే టీమ్ వాళ్లు కొలిచారు. పొడవు 78, బరువు 8.0 అని రాసిచ్చారు. అదే యాప్‌లో ఎంట్రీ చేస్తే పాప మామ్‌లోకి, అంటే ఒక మోస్తరు పోషకాహార లోపంలోకి వచ్చింది. పోయిన నెల నార్మల్. వాళ్లమ్మ పత్తి ఏరడానికి పోతుంది, నాయనమ్మ దగ్గర ఉంటుంది. "మా పిల్లకు ఏమైంది, మొన్నటిదాకా బాగానే ఉందన్నారు కదా" అని ముసలమ్మ ఒకటే టెన్షన్. నేనేం చెప్పాలి?

పాలమూరు_వలంటీర్
టీచర్ గారూ, ఇందులో ఆలోచించడానికేముంది? ఆడపిల్లల పొడవుకు తగ్గ బరువు టేబుల్‌లో 78 ఎదురుగా చూడండి. మైనస్ 2 గీత 8.2 దగ్గర ఉంది, మైనస్ 3 గీత 7.5 దగ్గర. 8.0 ఆ రెండింటి మధ్య పడింది కాబట్టి మామ్. యాప్ లెక్క తప్పదు. పైగా రెండేళ్ల లోపు పిల్లలకు పొడవుకు 0.7 కలపాలి, అంటే 78.7 అవుతుంది, ఇంకా కిందికి పోతుంది. బాలామృతం ప్లస్ మొదలుపెట్టేయండి.

నల్లగొండ_న్యూట్రిషన్
నేను ఎన్‌ఆర్‌సీలో, అంటే తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లలను చేర్చుకుని చూసే కేంద్రంలో పనిచేస్తాను. తమ్ముడూ, టేబుల్ సరిగ్గానే చదివావు. కానీ 0.7 అందరికీ కలిపేది కాదు. రెండేళ్ల లోపు పిల్లను పడుకోబెట్టే కొలవాలి. ఏ కారణంతోనైనా నిలబెట్టి కొలిస్తేనే 0.7 కలుపుతాం. రెండేళ్లు దాటిన పిల్లను పడుకోబెట్టి కొలిస్తే 0.7 తీసేస్తాం. పడుకోబెట్టి కొలిచిన 18 నెలల పాపకు ఏమీ కలపక్కర్లేదు.

యాప్ లెక్క తప్పదు, నిజమే. మనం ఇచ్చిన అంకెనే అది లెక్కగడుతుంది. టీచర్ గారు పెట్టిన అంకెల్లో నాకు ముందు కనబడింది బరువు కాదు, పొడవు. ఏడాది నుంచి రెండేళ్ల మధ్య పిల్లలు సంవత్సరానికి సుమారు 12 సెంటీమీటర్లు పెరుగుతారు, అంటే నెలకు ఒకటి. నెలలో 3 సెంటీమీటర్లు పెరగడం అనేది ఉండదు. ఈ నెలదో, పోయిన నెలదో, ఏదో ఒక కొలత తప్పు.

దాని ప్రభావం ఎంతో చూడండి. అదే 8.0 కిలోలను 75 ఎదురుగా చూస్తే మైనస్ 2 గీత 7.7 దగ్గర ఉంటుంది. పాప దానికి పైనే ఉంది. పొడవును ఎక్కువ రాస్తే పిల్ల సన్నగా ఉన్నట్టు, తక్కువ రాస్తే బొద్దుగా ఉన్నట్టు వస్తుంది. బరువు కొలత ఎంత కచ్చితంగా ఉన్నా లాభం లేదు.

పొడవు ఎక్కువ రావడానికి నేను మళ్లీ మళ్లీ చూసే కారణాలు రెండు. నడినెత్తిన పిలక వేసి రబ్బరు బ్యాండు పెడతారు, తల పైపలకకు తగలదు, పిలక తగులుతుంది. రెండోది, కింది పలకను అరికాలికి కాకుండా చాచిన కాలివేళ్లకు ఆనించి చదవడం. దీనికి ఉల్టా, పిల్ల ఏడుస్తూ మోకాళ్లు ముడిస్తే పొడవు తక్కువ వస్తుంది. అందుకే ఇద్దరు కావాలి. ఆయమ్మ తలవైపు కూర్చుని రెండు చేతులతో తల పట్టుకోవాలి, పిల్ల చూపు నేరుగా పైకప్పు మీద ఉండాలి. మీరు ఒక చేత్తో మోకాళ్లు మెల్లగా అదిమి, రెండో చేత్తో పలక జరపాలి, కాలివేళ్లు పైకి చూడాలి. ఒకసారి రాసుకుని, పిల్లను లేపి, మళ్లీ కొలవండి. రెండింటికీ తేడా 7 మిల్లీమీటర్లు దాటితే మూడోసారి కూడా.

దేవరకొండ_అమ్మ
నాకూ ఇలాంటి డౌటే ఉంది, ఇక్కడే అడుగుతున్నా. నా బాబు ఎనిమిదో నెలలోనే పుట్టాడు. ఇప్పుడు 11 నెలలు. కార్డు మీద చుక్క ఎప్పుడూ కింది రంగులోనే పడుతుంది. అందరూ నన్నే అంటున్నారు, పాలు సరిగ్గా పట్టట్లేదని.

నల్లగొండ_న్యూట్రిషన్
అమ్మా, కార్డు మీదిది వయసుకు తగ్గ బరువు. నెలలు నిండకుండా పుట్టిన బాబుకు ఎన్ని వారాలు ముందు పుట్టాడో అన్ని వారాలు వయసులోంచి తీసేసి చుక్క పెట్టాలి, రెండేళ్లు వచ్చేదాకా అలాగే చూడాలి. పొడవుకు తగ్గ బరువు చూసేటప్పుడు ఆ సవరణ అక్కర్లేదు, దానిలో వయసు లెక్కలోకే రాదు. డిశ్చార్జి కాగితం మీద ఎన్నో వారంలో పుట్టాడో ఉంటుంది, అది పట్టుకుని మీ ఏఎన్‌ఎం దగ్గరికి పోండి. చుక్క కింద ఉన్నా, నెలనెలా గీతకు సమాంతరంగా పైకి పోతుంటే అది మంచి ఎదుగుదలే. వివరంగా కావాలంటే వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

కల్వకుర్తి_అంగన్‌వాడీ
మేడమ్, ఇవాళ వాళ్లింటికే పోయి కొలిచాం. నిజంగానే నడినెత్తిన పిలక ఉంది. విప్పించి కొలిస్తే మొదటిసారి 75.8, రెండోసారి 76.1. బరువు చూసే ముందు కిరాణా కొట్టు నుంచి 2 కిలోల తూకం రాయి తెచ్చి మా స్కేలు మీద పెట్టి చూశాం, సరిగ్గా 2 చూపించింది. పాప బట్టలు విప్పి తూస్తే 8.0. 76 ఎదురుగా మైనస్ 2 గీత 7.8 దగ్గర ఉంది. పాప పైనే ఉంది.

పాలమూరు_వలంటీర్
అయితే నార్మల్. క్యాంపు కొలత తప్పు, పాప బాగుంది. ముసలమ్మకు అదే చెప్పేయండి, కథ ముగిసింది.

నల్లగొండ_న్యూట్రిషన్
అంత తొందర వద్దు. టీచర్ గారూ, ఈ పాప పాత బరువులు కూడా పెట్టండి.

కల్వకుర్తి_అంగన్‌వాడీ
12 నెలలకు 7.8. 15 నెలలకు 8.2. 16కి 8.2. 17కి 8.1. ఇప్పుడు 18కి 8.0. మధ్యలో 13, 14 నెలలు లేవు. వాళ్లు పనికి వేరే ఊరు పోయారు.

నల్లగొండ_న్యూట్రిషన్
అసలు విషయం ఇక్కడుంది. ఒక నెలలో 100 గ్రాములు తగ్గితే నేనూ పట్టించుకోను. కడుపు నిండా తిని తూగిందా, ఖాళీ కడుపుతోనా, బట్టలతోనా అన్నదానికే అంత తేడా వస్తుంది. కానీ ఈ పాప మూడు నెలలుగా ఒక్క గ్రాము పెరగకపోగా 200 తగ్గింది. ఈ వయసులో ఆడపిల్ల నెలకు సుమారు 200 గ్రాములు పెరగాలి. 15 నెలలప్పుడు తను ఉన్న దారిలోనే పోయి ఉంటే ఇవాళ 8.8 దగ్గర ఉండేది. 800 గ్రాములు వెనకబడింది.

వయసుకు తగ్గ బరువులో చూడండి. ఏడాదికి జెడ్ స్కోర్, అంటే నడిమి గీత నుంచి ఎన్ని మెట్లు దూరంలో ఉందో ఆ లెక్క, సుమారు మైనస్ 1.1. ఇప్పుడు మైనస్ 2.1, ఎందుకంటే 18 నెలల ఆడపిల్లకు మైనస్ 2 గీత 8.1 దగ్గర ఉంటుంది. ఆరు నెలల్లో ఒక మెట్టు మొత్తం దిగింది. పొడవుకు తగ్గ బరువు ఇంకా నార్మల్ అనే చూపిస్తోంది, అందుకే 76 ఎంట్రీ చేస్తే యాప్‌లో ఎర్రగా ఏమీ రాదు. గీత దాటేదాకా ఆగితే పాప ఇంకా బరువు పోగొట్టుకుని వస్తుంది. ఎన్‌ఆర్‌సీకి అలా ఆలస్యంగా వచ్చిన పిల్లల పాత కార్డులు తీస్తే, గ్రాఫ్ నాలుగైదు నెలల ముందే చదునైపోయి ఉంటుంది. చూస్తే బాధేస్తుంది.

15వ నెలలో ఏం జరిగిందో అడిగారా?

కల్వకుర్తి_అంగన్‌వాడీ
అడిగాను మేడమ్. పత్తి ఏరుడు అప్పుడే మొదలైంది. వాళ్లమ్మ పొద్దున 8కి పోతే చీకటి పడ్డాకే వస్తుంది. పగలు పాప చనుపాలు బందైనట్టే. నాయనమ్మ చాయ్‌లో బిస్కెట్ ముంచి పెడుతుంది, మధ్యాహ్నం పలచని చారన్నం. ఆ నెలలోనే విరేచనాలు పట్టుకుంటే వారం రోజులు గంజి తప్ప ఏమీ పెట్టలేదట. మనం ఇచ్చే రెండున్నర కిలోల బాలామృతం ముగ్గురు పిల్లలు పది రోజుల్లో అవగొడుతున్నారు.

నారాయణపేట_సూపర్‌వైజర్
ఈ మాటలన్నీ రిజిస్టర్‌లో రాయాలి టీచర్ గారూ. మన దగ్గర చాలా చోట్ల రిజిస్టర్‌లో "బరువు తగ్గింది, తల్లికి సలహా ఇవ్వడమైనది" అని ఒక్క లైను ఉంటుంది. దానితో తర్వాత వచ్చే ఏఎన్‌ఎంకు గానీ డాక్టర్‌కు గానీ ఏమీ తెలియదు. నేనైతే ఇలా రాయిస్తాను:

"18 నెలలు. బరువు 8.0, బట్టలు లేకుండా, స్కేలు సరిచూసి. పొడవు 76.0, పడుకోబెట్టి, రెండుసార్లు. క్యాంపులో 78 అని వచ్చింది, పిలక విప్పకుండా కొలిచినట్టుంది, మళ్లీ కొలిచాం. రెండు పాదాల్లో వాపు లేదు. 15వ నెల నుంచి బరువు పెరగలేదు, 200 గ్రా. తగ్గింది. 15వ నెలలో విరేచనాలు, వారం గంజి మాత్రమే. తల్లి పత్తి పనికి పోతోంది, పగలు చనుపాలు లేవు. బాలామృతం ముగ్గురు పంచుకుంటున్నారు. రెండు వారాల తర్వాత మళ్లీ తూకం."

13, 14 నెలల దగ్గర గ్రాఫ్‌లో ఖాళీని ఖాళీగానే వదిలి "వలస" అని రాయండి. మన పాలమూరు వైపు ఇది ప్రతి సెంటర్లో ఉండేదే. కొందరు అందాజాగా చుక్క పెట్టి గీత కలిపేస్తారు, అది మాత్రం చేయొద్దు. వాపు చూశారా? బొటనవేలితో రెండు పాదాల మీద మూడు సెకన్లు నొక్కి, గుంట పడుతోందేమో చూడాలి. నీరు చేరితే బరువు ఉన్నట్టే కనిపిస్తుంది.

కల్వకుర్తి_అంగన్‌వాడీ
చూశాను మేడమ్, గుంట పడలేదు. దండ చేతి చుట్టుకొలత చూసే మువాక్ టేప్ కూడా పెట్టాను, 12.4 సెంటీమీటర్లు వచ్చింది. ఇప్పుడు దీన్నేం చేయాలి? టేప్ ప్రకారం 12.5 కంటే తక్కువ, అంటే మామ్. పొడవు, బరువు ప్రకారం నార్మల్.

నారాయణపేట_సూపర్‌వైజర్
నేను రిపోర్టులో పొడవు, బరువు లెక్కనే తీసుకుంటాను. టేప్ ఎంత గట్టిగా లాగారన్న దానికే ఒక మిల్లీమీటర్ అటూ ఇటూ అవుతుంది. ఒక మిల్లీమీటర్ కోసం మామ్ అనడం నాకు సరికాదనిపిస్తుంది.

నల్లగొండ_న్యూట్రిషన్
నేను ఒప్పుకోను మేడమ్. ఈ రెండు కొలతలు ఎప్పుడూ ఒకే పిల్లల్ని పట్టుకోవు. ఒకటి నార్మల్ అన్నంత మాత్రాన రెండోది తప్పని కాదు. 12.4 ఒక్కటే ఉంటే నేనూ మళ్లీ కొలవమనేదాన్ని. కానీ మూడు నెలల గ్రాఫ్ కూడా అదే చెబుతోంది. రిపోర్టులో ఏ గడిలో వేస్తారో మీ ఇష్టం, ఈ పాపను మాత్రం పీహెచ్‌సీ డాక్టర్‌కు చూపించండి. విరేచనాలు మళ్లీ వస్తున్నాయా, ఇంట్లో ఎవరికైనా ఎడతెగని దగ్గు ఉందా అని అడగాలి. ఆకలి బాగా ఉంటే ఇంట్లోనే కోలుకుంటుంది. వాళ్లమ్మ పొద్దున పోయే ముందు, రాత్రి వచ్చాక పాలు పట్టాలి. నాయనమ్మ చాయ్ మానిపించి మెత్తటి పప్పన్నంలో చెంచా నూనె వేసి, రోజూ గుడ్డు పెట్టాలి. పాపకు పళ్లెం వేరుగా ఉండాలి, ముగ్గురితో కలిపి కాదు.

పాలమూరు_వలంటీర్
మేడమ్, నేను గీతకు పైనా కిందా అనే చూస్తున్నా ఇన్నాళ్లూ. వెనక నెలలు కూడా తీసి చూడాలన్నమాట. మరి యాప్‌లో ఆ 78 అలాగే ఉంటే?

కల్వకుర్తి_అంగన్‌వాడీ
నా డౌట్ కూడా అదే. వచ్చే నెల 77 అని ఎంట్రీ చేస్తే పాప ఒక సెంటీమీటర్ పొట్టిగా అయినట్టు వస్తుంది. మా సూపర్‌వైజర్ గారికి ఫోన్ చేసి చెప్పాను, అడిగి చెప్తానన్నారు. అప్పటిదాకా రిజిస్టర్‌లో 76 రాసి, పక్కన తేదీ వేసి, ఆయమ్మతో కూడా సంతకం చేయించాను. ఎవరికైనా యాప్‌లో పొడవు సరిచేయించిన అనుభవం ఉంటే చెప్పండి.