అప్‌డేట్: చంకల్లో, గజ్జల్లో మళ్లీ మళ్లీ లేచే గడ్డలు

నా ప్రశ్న: "చంకలో, గజ్జల్లో నెలకో గడ్డ లేస్తోంది. కోయించినా అక్కడే మళ్లీ వస్తోంది. మామూలు సెగగడ్డేనా?"

కాదు. చర్మవ్యాధి నిపుణురాలు చూసి హైడ్రాడెనైటిస్ అన్నారు. మామూలు సెగగడ్డ బ్యాక్టీరియా వల్ల వస్తుంది. ముదిరి, పగిలి, రెండు వారాల్లో మానిపోతుంది. హైడ్రాడెనైటిస్‌లో వెంట్రుక కుదురు మూసుకుపోయి చర్మం లోపలే పగులుతుంది. చీము తీస్తే నొప్పి తగ్గుతుంది కానీ ఆ కుదురు అలాగే ఉంటుంది, అందుకే గడ్డ తిరిగొస్తుంది. జంటగా ఉండే నల్ల చుక్కలు, తాడులాంటి మచ్చలు దీని గుర్తులు. ఇది శుభ్రత లోపం కాదు, అంటుకోదు. దయచేసి సిగ్గుపడి దాచకండి.

ప్రస్తుతం నాకు క్లిండమైసిన్ 1% లోషన్ రోజుకు 2 సార్లు, 12 వారాలు. 6 నెలల్లో 2 సార్లు ఇలా వస్తే స్కిన్ డాక్టరుకు చూపించండి. జ్వరం వచ్చినా, ఎరుపు పాకుతున్నా అదే రోజు వెళ్లండి.